అదనపు గంటకు ధర ఎంత? డ్రైవింగ్ స్కూల్ ఫీజులో అసలు చిక్కు

డ్రైవింగ్ స్కూల్ ఫీజు కాగితం మీద మామూలుగా మూడు అంకెలు ఉంటాయి. కోర్సు ఫీజు ఇంత, ప్రాక్టీసు గంటలకు ఇంధనం ఇంత, చెప్పిన గంటల్లో చేయి తిరగకపోతే ఎక్స్‌ట్రా క్లాసుకు ఇంత. మొదటి రెండూ ఒక పూట కూర్చుంటే తేలిపోయే లెక్కలు. మూడోదాన్ని మాత్రం చాలామంది లెక్కవేయరు. పక్క స్కూల్ ఎంత తీసుకుంటోందో కనుక్కుని, దానికి కాస్త అటూ ఇటూగా ఒక అంకె రాసేస్తారు. తీరా చూస్తే నెలాఖరున స్కూల్‌కి మిగిలిందా పోయిందా అన్నది తేల్చేది ఆ అంకే. ఇన్‌స్ట్రక్టర్ ఒక విద్యార్థిని టెస్టుకు తొందరపెడతాడా, కావాలని సాగదీస్తాడా అన్నది కూడా చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

ఒక చిన్న స్కూల్‌ని ఊహించుకుని లెక్క మొత్తం వేసి చూద్దాం. ఒక కారు, ఒక ఇన్‌స్ట్రక్టర్, నెలకు పదిమంది కొత్త విద్యార్థులు. డబ్బు ఏ దేశానిదైనా పనికొచ్చేలా ధరలన్నీ యూనిట్లలో చెబుతాను. ఇన్‌స్ట్రక్టర్‌కి గంటకు 100 యూనిట్లు, లీటరు ఇంధనం 40 యూనిట్లు అనుకుందాం. మీ దగ్గర ఈ నిష్పత్తి వేరుగా ఉంటే అంకెలు మారతాయి కానీ లెక్క వేసే తీరు మారదు.

ఇన్‌స్ట్రక్టర్‌కి గంటకు 100 ఇస్తున్నాం కదా అని నేర్పిన గంటకు 100 అని రాసుకుంటే అక్కడే మొదటి తేడా వస్తుంది. ఒక విద్యార్థిని దింపి ఇంకొకరిని ఎక్కించుకోవడానికి, మధ్యలో ఖాళీగా ఎదురుచూడటానికి పోయే సమయానికి కూడా జీతం పడుతుంది. ఐదు గంటలు నేర్పితే ఒక గంట అలా పోతుందనుకుంటే, నేర్పిన ప్రతి గంటకు నిజంగా పడేది 120. ఇంధనం గంటకు లీటరుంబావు చొప్పున 50. సర్వీసింగు, టైర్లు, క్లచ్ ప్లేటు అరుగుదల కలిపి 30. నేర్చుకునే బండిలో క్లచ్ ప్లేటుకు ఆయుష్షు తక్కువ, రోజంతా హాఫ్ క్లచ్ మీదే నడుస్తుంది కాబట్టి. ఇక కారు వాయిదా, బీమా వంటివి నెలకు 9,100 అయితే, నెలలో కారు నేర్పే గంటలు 182 అనుకుంటే, గంటకు 50. మొత్తం కలిపితే గంటకు 250. ఈ 182 ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకాసేపట్లో చెబుతాను.

గంటలతో సంబంధం లేని ఖర్చులు వేరే ఉన్నాయి. థియరీ క్లాసు, దరఖాస్తు పనులు, టెస్టు రోజున కారూ ఇన్‌స్ట్రక్టరూ సగం పూట అక్కడే ఉండిపోవడం, ఇవి ఒక్కో విద్యార్థికి ఒక్కసారే వచ్చేవి. వీటికి 600 వేద్దాం. ఆఫీసు అద్దె, ఫోను, ప్రచారం నెలకు 4,000 అయితే పదిమందికీ పంచితే తలకు 400. అంటే మనిషికి ఒకసారి పడేది 1,000.

కారు వాయిదాను గంటల మీద, ఆఫీసు అద్దెను మనుషుల మీద ఎందుకు పంచాం అని అడగొచ్చు. ఈ వ్యాపారంలో కొరతగా ఉండేది కారు గంటలే. ఒకరు ఇంకో గంట తీసుకుంటే ఆ గంట ఇంకొకరికి దొరకదు, అందుకే కారు ఖర్చు గంటకు అంటుకుని ఉండాలి. ఎవరైనా ఒక గంట ఎక్కువ నేర్చుకున్నంత మాత్రాన ఆఫీసు అద్దె పెరగదు. ఈ రెండిటినీ విడదీయకుండా ఒకే మూటగా కడితే తర్వాత వచ్చే తప్పులన్నీ దాంట్లోంచే పుడతాయి.

ఇప్పుడు స్కూల్ గంటకు 30 లాభం వేసుకుని 280 చొప్పున, కోర్సులో 15 గంటలు ఇస్తోందనుకుందాం. 15 గంటలకు 4,200, ఒకసారి ఖర్చు 1,000, కోర్సు ధర 5,200.

ఇక విద్యార్థుల సంగతి. ఆ నెల చేరిన పదిమందికి నిజంగా అవసరమయ్యే గంటలు ఇలా ఉన్నాయనుకోండి: 10, 12, 12, 14, 15, 16, 18, 20, 24, 29. ఏ స్కూల్ రికార్డు తీసి చూసినా ఇంచుమించు ఇదే ఆకారం కనిపిస్తుంది. తక్కువ వైపు ఒక హద్దు ఉంటుంది, ఎంత చురుకైనవాళ్లయినా మూడు గంటల్లో రోడ్డెక్కరు. ఎక్కువ వైపు మాత్రం తోక పొడవుగా సాగుతుంది. ఈ పదింటి సగటు 17.

సగటు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. సగటు 17, కోర్సులో ఇచ్చేది 15, కాబట్టి తలకు రెండు గంటలు ఎక్స్‌ట్రా పడుతుంది, పదిమందికి 20 గంటలు అని స్కూల్ యజమాని రాసుకుంటాడు. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే లెక్క వేరు. 16 గంటలవారికి ఒకటి, 18వారికి మూడు, తర్వాత ఐదు, తొమ్మిది, పద్నాలుగు. కూడితే 32. ఇరవై అనుకున్నది ముప్ఫై రెండు అయింది. ఆ మిగతా 12 గంటలు ఎక్కడివంటే, తొందరగా నేర్చుకున్న నలుగురివి. వాళ్లకు 15 గంటలు అక్కర్లేదు, కానీ డబ్బు కట్టేశారు కాబట్టి 15 గంటలూ వాడుకుంటారు. వాళ్ల దగ్గర మిగిలిన గంటలు నిదానస్తుల ఖాతాలోకి వెళ్లవు. సగటు తీసినప్పుడు మాత్రం కాగితం మీద వెళ్లిపోయినట్టు కనిపిస్తాయి.

కాబట్టి స్కూల్ నెలకు నడపాల్సిన గంటలు 150కి 32 కలిపి 182. పైన కారు ఖర్చు పంచింది ఈ 182 మీదే. సగటును నమ్మి 170 గంటలకే క్యాలెండర్ వేసుకున్న స్కూల్‌లో ప్రతి నెలా ఆ 12 గంటలు ఇరుకున పడతాయి. ఇన్‌స్ట్రక్టర్‌కి ఓవర్‌టైమ్ ఇవ్వాలి, లేకపోతే కొత్తవాళ్లను వెనక్కి నెట్టాలి, అదీ కాకపోతే నిదానంగా నేర్చుకునేవారికి పదిరోజులకొక క్లాసు దొరుకుతుంది. మూడోదే ఎక్కువగా జరుగుతుంది, దాని పర్యవసానం చివర్లో చూద్దాం.

ఎక్స్‌ట్రా గంట ధర పెట్టడంలో మూడు పద్ధతులు తరచుగా కనిపిస్తాయి. ముందుగా మంచి మనసుతో చేసే తప్పు. "పాపం, ఫీజంతా కట్టారు కదా, ఇంక ఇంధనం డబ్బులిస్తే చాలు" అని ఎక్స్‌ట్రా గంటకు 50 మాత్రమే తీసుకోవడం. ఖర్చు 250, చేతికొచ్చేది 50. గంటకు 200 చొప్పున 32 గంటలకు పోయేది 6,400. కోర్సు గంటలు 150 మీద గంటకు 30 చొప్పున వచ్చిన లాభం 4,500 మాత్రమే. అంటే నెలకు 1,900 నష్టం. సీట్లన్నీ నిండి, కారు ఖాళీ లేకుండా తిరుగుతున్నా డబ్బెందుకు మిగలడం లేదో ఆ స్కూల్‌కి అంతుపట్టదు. నష్టం ఎక్కడా విడిగా కనిపించదు మరి. జీతం, వాయిదా, సర్వీసింగు అన్నీ నెల ఖర్చుల్లో కలిసిపోయి ఉంటాయి.

రెండో పద్ధతి దీనికి వ్యతిరేకం. కోర్సు ధర 5,200ను 15తో భాగించి, గంటకు దాదాపు 347 వచ్చింది కాబట్టి ఎక్స్‌ట్రా గంటకూ అంతే అనడం. చూడటానికి ఇంతకంటే న్యాయమైన లెక్క లేదనిపిస్తుంది. కానీ ఆ 347లో థియరీ క్లాసు, దరఖాస్తు, టెస్టు రోజు, ఆఫీసు అద్దె అన్నీ కలిసే ఉన్నాయి. 29 గంటలు పట్టిన విద్యార్థి 14 ఎక్స్‌ట్రా గంటలకు 280 చొప్పున 3,920 కట్టాలి. భాగహారం పద్ధతిలో దాదాపు 4,853 కడతారు. తేడా 933. ఒకసారి కట్టేసిన 1,000 యూనిట్ల ఖర్చునే దాదాపుగా రెండోసారి కట్టారన్నమాట. వారి కోసం థియరీ క్లాసు రెండోసారి పెట్టలేదు, దరఖాస్తు రెండోసారి నింపలేదు. మీరు విద్యార్థి అయితే, కోట్ తీసుకున్నప్పుడు ఎక్స్‌ట్రా గంట ధరను కోర్సు గంటలతో గుణించి చూడండి. అది కోర్సు ధరకు సమానమైనా, దాన్ని దాటినా, ఒకసారి ఖర్చు ప్రతి గంటలోనూ మళ్లీ దూరిందని అనుమానించవచ్చు.

మూడోది "పాసయ్యేదాకా ఒకే ధర". ప్రకటనలో చాలా బాగుంటుంది. తొందరగా నేర్చుకున్నవారు 10 గంటలకే వెళ్లిపోతారు కాబట్టి ఇక్కడ సగటు 17 నిజంగానే సరిపోతుంది. 1,000కి 17 గంటలు, గంటకు 280 కలిపితే 5,760. పదిమందీ వస్తే స్కూల్‌కి ఏ ఢోకా లేదు. కానీ పక్కనే గంటల లెక్కన 5,200 తీసుకునే స్కూల్ ఉంటే? 16 గంటల్లోపు నేర్చుకోగల ఆరుగురికీ అక్కడే చవక. 16 గంటలు పట్టేవారికి కూడా అక్కడ 5,480కే తెములుతుంది. ఒకే ధర స్కూల్‌కి మిగిలేది 18, 20, 24, 29 గంటలవారు. వాళ్ల సగటు 22.75 గంటలు, ఒక్కొక్కరి మీద ఖర్చు దాదాపు 6,690. తీసుకుంటున్నది 5,760. ఇంకా ఆఫీసు అద్దె పదిమందికి బదులు నలుగురి మీదే పడుతుందన్న సంగతి ఈ లెక్కలో కలపనే లేదు.

ఎవరికి ఎన్ని గంటలు పడతాయో చేరేటప్పుడే ఎవరికీ పక్కాగా తెలియదు కదా అంటే, నిజమే. అందుకే వాస్తవంలో ఇంత శుభ్రంగా ఆరుగురూ అటు, నలుగురూ ఇటు చీలిపోరు. కానీ ఇదివరకే కాస్త బండి నడిపినవారికి, స్టీరింగ్ పట్టుకోవాలంటేనే గుండెదడ వచ్చేవారికి తమ గురించి ఎంతో కొంత అంచనా ఉంటుంది. ఆ మాత్రం అంచనా చాలు, చేరేవారి కలగలుపు నిదానం వైపు ఒరగడానికి. ధర పెంచితే ఇంకొందరు చురుకైనవారు జారుకుంటారు. కొన్ని స్కూళ్లు ఇక్కడ ధర పెంచకుండా, విద్యార్థి సిద్ధం కాకముందే టెస్టుకు పంపేస్తాయి. నా దృష్టిలో ఇది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే దాని ఫలితం ఫీజు కాగితం మీద కాదు, రోడ్డు మీద తేలుతుంది.

కాబట్టి ఎక్స్‌ట్రా గంటకు తగిన ధర కోర్సులోని గంట ధరే, 280. అందులో ఒకసారి ఖర్చు ఉండకూడదు, జీతమూ కారూ ఉండితీరాలి. ఇలా పెడితే పదిమంది నుంచి వచ్చేది 52,000కి 8,960 కలిపి 60,960. ఖర్చు 10,000కి 45,500 కలిపి 55,500. మిగిలింది 5,460, అంటే 182 గంటలకు గంటకు 30. అంకె పెద్దదా చిన్నదా అన్నది పక్కన పెట్టండి. ప్రతి గంట మీదా స్కూల్‌కి ఒకే మొత్తం మిగలడమే ఇక్కడ అసలు విషయం. నిదానస్తుడికి ఇంకో గంట ఇచ్చినా 30, ఆ గంట కొత్తవారికిచ్చినా 30. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని ఆపాలి అన్న ప్రశ్నలో డబ్బు ఎటువైపూ లాగదు.

అదే 5,200ను ఇంకోలా కూడా కూర్చవచ్చు. లాభమంతా మనిషికి ఒకసారే తీసుకునే స్థిర ఫీజులో పెట్టి అది 1,450, గంటకు ఖర్చు మేరకే 250 అనొచ్చు. కోర్సు ధర అక్షరాలా అదే. కానీ ఇప్పుడు కొత్తగా చేరినప్పుడల్లా స్కూల్‌కి 450 లాభం, ఎక్స్‌ట్రా గంటలో సున్నా. క్యాలెండర్ నిండుగా ఉన్న నెలలో నిదానంగా నేర్చుకునేవారు బరువుగా కనిపించడం మొదలవుతుంది. 347 తీసుకునే స్కూల్‌లో దీనికి వ్యతిరేకం, అక్కడ "ఇంకో నాలుగు క్లాసులు తీసుకుంటే మంచిది" అన్న సలహా తరచుగా వినిపిస్తుంది. ఇన్‌స్ట్రక్టర్లు మోసగాళ్లని కాదు. సందేహం ఉన్నచోట మనిషి నిర్ణయం డబ్బు వాలిన వైపే వాలుతుంది, అంతే.

ఇంధనం దగ్గరకు వద్దాం. దీని గురించి జరిగే చర్చ దాని బరువుకు మించి ఉంటుంది. మన లెక్కలో గంట ఖర్చు 250లో ఇంధనం 50, ఐదో వంతు. లీటరు ధర 40 నుంచి 48కి పెరిగిందనుకోండి, అంటే 20 శాతం. గంట ఖర్చు పెరిగేది 10 యూనిట్లు, 15 గంటల కోర్సు మీద 150, కోర్సు ధరలో మూడు శాతం కూడా కాదు. విద్యార్థికి ఇది పెద్ద భారం కాదు. కానీ స్కూల్ లాభం గంటకు 30 మాత్రమే కాబట్టి అందులో మూడో వంతు ఎగిరిపోతుంది. అందుకే ఇంధనాన్ని స్థిర ఫీజులో కలిపేసి మరిచిపోకుండా ఒక షరతు రాసుకోవడం ఉభయులకూ మంచిది. చేరిన రోజు లీటరు ధర ఇంత, అది పది శాతం దాటి మారితే, మిగిలిన గంటలకు మాత్రమే, లీటరు ధరలో తేడాను 1.25తో గుణించి సర్దుబాటు చేస్తాం అని. తొమ్మిది గంటలు మిగిలి ఉంటే 8 యూనిట్ల తేడాకు అయ్యేది 90. ధర తగ్గినప్పుడు కూడా ఇదే షరతు వర్తించాలి. పెరిగినప్పుడు గుర్తొచ్చి తగ్గినప్పుడు గుర్తురాని షరతును ఎవరూ గౌరవించరు.

ఆ 1.25ను మైలేజీ నుంచి లెక్కగడితే తప్పు వస్తుంది. తయారీదారు చెప్పే మైలేజీ సాఫీగా నడిచే బండిది. నేర్చుకునే బండి ఆగి ఉండగానే ఇంజను తిరుగుతుంటుంది, ఇన్‌స్ట్రక్టర్ అద్దాల గురించి వివరిస్తుంటాడు, తర్వాత ఫస్ట్ గేరులో యాభై గజాలు వెళ్లి మళ్లీ ఆగుతుంది. దూరం దాదాపు లేదు, ఇంధనం మాత్రం ఖర్చవుతూనే ఉంది. కాబట్టి కొలవాల్సింది గంటకు ఎంత అని. పద్ధతి సులువే. ట్యాంకు నోటి వరకూ నింపించండి, రెండు వారాలు నేర్పిన గంటలు పుస్తకంలో రాయండి, మళ్లీ అదే బంకులో నోటి వరకూ నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లను గంటలతో భాగించండి. విద్యార్థులను తీసుకురావడానికి వెళ్లిన ఖాళీ ప్రయాణాలు కూడా అందులోనే వచ్చేస్తాయి, రావాలి కూడా.

ఇలా విడివిడిగా కొలిస్తే ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. క్లచ్, రివర్స్, పార్కింగ్ నేర్చుకునే గంటలో లీటరుకు వచ్చే కిలోమీటర్లు దారుణంగా ఉంటాయి, కానీ గంటకు పట్టే లీటర్లు తక్కువే. పెద్ద రోడ్డు మీద వేగంగా సాగే గంటలో మైలేజీ బాగుంటుంది, అయినా దూరం ఎక్కువ కాబట్టి గంటకు ఎక్కువ ఇంధనం తాగుతుంది. నిదానంగా నేర్చుకునేవారు మళ్లీ మళ్లీ చేసేది సాధారణంగా మొదటి రకం గంటలే. అంటే "వీళ్లకు ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, అందుకే రేటు ఎక్కువ" అన్న మాటకు పస లేదు. వాళ్లు ఎక్కువగా వాడేది ఇన్‌స్ట్రక్టర్ సమయాన్ని, క్లచ్ ప్లేటును. ఎలక్ట్రిక్ కారు పెట్టినా ఇదే మాట వర్తిస్తుంది. ఇంధనం వాటా బాగా తగ్గుతుంది, క్లచ్ ఉండదు, జీతమూ వాయిదా అలాగే ఉంటాయి.

ఎక్స్‌ట్రా గంటలు అవసరమని ఎవరు, ఎప్పుడు చెప్పాలి? పదిహేనో గంట అయిపోయాక చెబితే విద్యార్థికి అది బిల్లులా వినిపిస్తుంది. పదో గంట దగ్గరే చెప్పడం మేలు, దానికి ఆధారం కూడా చేతిలో ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ తన వైపు బ్రేకు ఎన్నిసార్లు తొక్కాల్సి వచ్చింది, స్టీరింగ్ ఎన్నిసార్లు పట్టుకోవాల్సి వచ్చింది అన్నది గంట గంటకూ గీతలు పెట్టి రాసుకుంటే చాలు. ఒకరికి ఆరో గంటలో 9, ఎనిమిదిలో 4, పదిలో 1 ఉంటే కోర్సు గంటలు సరిపోతాయి. ఇంకొకరికి 9, 7, 6 ఉంటే, ఈ వేగంతో పదిహేనుకు తెమలదు, ఇంకో ఆరు నుంచి పది గంటలు పట్టవచ్చు అని అప్పుడే చెప్పొచ్చు. ఒకే అంకె కాకుండా ఇలా ఒక పరిధి చెప్పడం నిజాయితీ. గంటకు 280 కాబట్టి 1,680 నుంచి 2,800 మధ్య అని విద్యార్థికి ముందే తెలుస్తుంది, కట్టాలా ఆగాలా అని ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఈ గీతలకు ఒక పరిమితి ఉంది. ఖాళీ రోడ్డులో చేసిన గంటను రద్దీలో చేసిన గంటతో పోల్చకూడదు, కాబట్టి పక్కన రోడ్డు రకం కూడా రాయాలి.

గీతలు తగ్గకపోవడానికి కారణం ప్రతిసారీ విద్యార్థి కాదు. ఇందాక చెప్పిన 170 గంటల క్యాలెండర్ గుర్తుంది కదా. సందు దొరక్క పదిరోజులకొక క్లాసు పడితే, ప్రతి క్లాసులోనూ మొదటి పావుగంట, ఒక్కోసారి అరగంట, పోయిన క్లాసును గుర్తు చేసుకోవడానికే సరిపోతుంది. అదే మనిషికి వారానికి రెండుసార్లు నేర్పితే తక్కువ గంటల్లో అయిపోయేది. ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో మారినా అంతే, కొత్తాయన ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికే ఒక గంట పడుతుంది. కారు రిపేరుకు వెళ్లి రెండు వారాలు క్లాసులు ఆగినా అంతే. పుస్తకంలో క్లాసుల తేదీలు చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. బ్రేకు గీతలు పెద్ద విరామం తర్వాత ఎగబాకి, వెంటవెంటనే జరిగిన క్లాసుల్లో దిగుతుంటే, నిదానం విద్యార్థిది కాదు, క్యాలెండర్‌ది.

అలాంటి గంటలకు 280 అడగడం సరికాదు, ఉచితంగా ఇస్తామని కాగితం మీద రాసి ఉండాలి. స్కూల్‌కి ఒక్కో గంటకు 250 చేతి నుంచి పడుతుంది, నిజమే. నెలలో ఇలాంటివి నాలుగు గంటలు వస్తే 1,000 పోతుంది, 5,460లో దాదాపు ఐదో వంతు. ఆ నొప్పి స్కూల్‌కి తగిలితేనే 182 గంటల క్యాలెండర్ వేసుకోవాలన్న ఆలోచన వస్తుంది. విద్యార్థి తానే క్లాసులు వాయిదా వేసుకుంటూ పోయి ఉంటే ఆ గంటలు మామూలు ధరకే. రెండిటికీ మధ్య పడేవి, అంటే ఒక వాయిదా వీరిది, ఒకటి వారిది అయినవి కొన్ని ఉంటాయి. వాటిని సగం సగం చేసుకోవడం కంటే మంచి సూత్రమేదీ నాకు కనిపించలేదు.